రికరింగ్ డిపాజిట్ పాసుపుస్తకం చదువుకోవడం ఎలా?

పాల బిల్లు చేతికి వచ్చినప్పుడు మన సభ్యులు లీటర్లు, వెన్నశాతం, ధర అన్నీ సరిచూసుకుంటారు. ఒక్క పాయింటు తగ్గినా కార్యదర్శిని అడుగుతారు. కాని అదే బిల్లులోనుంచి తీసి నెలనెలా పోస్టాఫీసులో కట్టే రికరింగ్ డిపాజిట్ పుస్తకాన్ని చాలామంది పెట్టెలో పెట్టి, ఐదేళ్ళ తరువాతనే బయటికి తీస్తారు. అప్పుడు వచ్చిన మొత్తం అనుకున్నదానికన్నా తక్కువగా ఉంటే, ఎక్కడ తేడా వచ్చిందో వెదకడానికి సమయం మించిపోయి ఉంటుంది.

ఈ పుస్తకంలో చూడవలసినవి మూడే మూడు సంగతులు. నెల వాయిదా ఏ తేదీలోగా పడాలి? ఒక నెల తప్పితే జరిమానా ఎంత, అది పుస్తకంలో ఎలా తెలుస్తుంది? గడువు తీరిన నాడు ఎంత రావాలి? పోస్టాఫీసువారి ఐదేళ్ళ రికరింగ్ డిపాజిట్‌ను ఉదాహరణగా తీసుకొని ఈ మూడింటిని వివరిస్తాము. బ్యాంకుల ఆర్.డి. ఖాతాలలో పుస్తకం చదివే పద్ధతి ఇదే అయినా, గడువు, జరిమానా ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క విధంగా ఉంటాయి.

మొదటి పేజీలో చూడవలసినవి

పుస్తకం మొదటి పేజీలో ఖాతాదారు పేరు, ఖాతా నంబరు, నెల వాయిదా మొత్తం, ఖాతా తెరచిన తేదీ ఉంటాయి. వీటిలో ఖాతా తెరచిన తేదీ అన్నిటికన్నా ముఖ్యమైనది. మిగిలిన లెక్క అంతా దానిమీదనే ఆధారపడి ఉంటుంది.

నెలలో 1వ తేదీనుంచి 15వ తేదీలోపల తెరచిన ఖాతాకు, ఆ తరువాత ప్రతి నెలా 15వ తేదీలోగా వాయిదా కట్టాలి. 16వ తేదీన గాని, ఆ తరువాత గాని తెరచిన ఖాతాకు, ఆ నెలలో పోస్టాఫీసు పనిచేసే ఆఖరి రోజులోగా కట్టవచ్చు. జనవరి 8న తెరచినవారు ఫిబ్రవరి 8నే కట్టాలని లేదు. ఫిబ్రవరి 1నుంచి 15వరకు ఎప్పుడైనా కట్టవచ్చు. కాని 16న కడితే అది తప్పిన వాయిదాయే. "ఇంకా నెల దాటలేదు గదా" అంటే కుదరదు.

ఖాతా ఇంకా తెరవనివారు ఈ నియమాన్ని తమ పాల బిల్లుతో కలిపి చూసుకోవాలి. మీ సంఘంలో బిల్లు నెల మొదటి వారంలో వచ్చేటట్లయితే 15లోపల ఖాతా తెరచినా ఇబ్బంది లేదు. మీకు పెద్ద బిల్లు 18నో 20నో వస్తుంటే 16 తరువాత ఖాతా తెరవడం మంచిది. లేకపోతే ప్రతి నెలా బిల్లు రాకముందే వాయిదా తేదీ వచ్చి, చేబదుళ్ళ కోసం తిరగవలసి ఉంటుంది. ఒకసారి తెరచిన తరువాత ఐదేళ్ళూ ఆ తేదీయే నడుస్తుంది.

ఒక సభ్యురాలి పుస్తకం

ఇప్పుడు ఒక పుస్తకం చూద్దాము. నెలకు 500 రూపాయల వాయిదాతో ఒక సభ్యురాలు 2024 జనవరి 8న ఖాతా తెరచినదనుకుందాము. 2024 ఏప్రిల్‌లో ఆమె గేదె ఒట్టిపోయింది. పాల బిల్లు లేదు, వాయిదా కట్టలేదు. మే నెలలో రెండవ గేదె ఈనింది. అప్పటినుంచి మరల మానకుండా కట్టుతూ వచ్చింది. ఆమె పుస్తకం మొదటి వరుసలు ఇలా ఉన్నాయి:

8-1-2024 … జమ 500 … నిల్వ 500
12-2-2024 … జమ 500 … నిల్వ 1,000
14-3-2024 … జమ 500 … నిల్వ 1,500
10-5-2024 … జమ 500 … నిల్వ 2,000
11-6-2024 … జమ 500 … నిల్వ 2,500

పైపైన చూస్తే లోపమేమీ కనబడదు. వరుసలన్నీ నిండుగానే ఉన్నాయి, నిల్వ ప్రతిసారీ 500 పెరుగుతున్నది. తేదీల గడి మాత్రమే పైనుంచి కిందికి చదివితే సంగతి తెలుస్తుంది. మార్చి తరువాత మే ఉన్నది. ఏప్రిల్ లేదు. పాసుపుస్తకంలో తప్పిన నెలకు ఖాళీ వరుస విడిచిపెట్టరు. కట్టిన రోజున మాత్రమే వరుస పడుతుంది. అందుచేత తప్పిన నెల కంటికి ఆనదు. నెలల పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ చదివితేనే దొరుకుతుంది.

జరిమానా ఎంత?

తప్పిన వాయిదాకు నూరు రూపాయలకు ఒక రూపాయి వంతున జరిమానా ఉంటుంది. పోస్టాఫీసువారు దీనిని డిఫాల్టు ఫీజు అంటారు. 500 రూపాయల ఖాతాకు ఒక నెల తప్పితే 5 రూపాయలు. ఈ 5 రూపాయలు మీ నిల్వలో చేరవు. మీరు 505 కట్టినా నిల్వ 500 మాత్రమే పెరుగుతుంది. "ఐదు వందల ఐదు ఇచ్చాను, ఐదు వందలే వేశారు" అని కొందరు అనుమానపడతారు. అది పొరపాటు కాదు. కాని ఆ 5 రూపాయలు ఎందుకు తీసుకున్నారో అప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఎక్కడో ఒక వాయిదా బాకీ ఉన్నదని చెప్పే గుర్తు అదే.

మన సభ్యురాలి విషయంలో జరిగిన అసలు నష్టం ఇక్కడే ఉన్నది. బాకీ ఉన్న ఖాతాలో సొమ్ము కడితే అది ముందుగా పాత బాకీకి, దాని జరిమానాకు చెల్లుతుంది. ఆ తరువాతనే నడుస్తున్న నెలకు చెల్లుతుంది. ఆమె మే 10న 505 కట్టింది. తాను మే నెల వాయిదా కట్టాననుకున్నది. కాని ఆ సొమ్ము ఏప్రిల్ బాకీకి పోయింది. మే నెల వాయిదా బాకీ పడింది. జూన్ 11న మరల 505 కట్టింది. అది మే నెలకు పోయి జూన్ బాకీ పడింది. ఇలా ప్రతి నెలా ఒక వాయిదా వెనుకబడే నడిచింది. ప్రతి నెలా కట్టుతున్నా ప్రతి నెలా 5 రూపాయల జరిమానా పడుతూనే ఉన్నది.

ఇది పంటకాలువకు పడిన గండి వంటిది. గండి చిన్నదే, కాని పూడ్చేదాకా నీరు పోతూనే ఉంటుంది. ఈ బాకీ పూడ్చకుండా ఆమె 2028 డిసెంబరువరకు ఇలాగే కట్టుకుంటూ పోతే, ఒక్క ఏప్రిల్ వాయిదా తప్పినందుకు 56 సార్లు జరిమానా కట్టవలసి ఉంటుంది. అది 280 రూపాయలు. అప్పటికి కూడా ఒక వాయిదా తక్కువగానే ఉంటుంది.

మే 10న ఆమె కట్టవలసినది 505 కాదు, 1,005. ఏప్రిల్ వాయిదా 500, దాని జరిమానా 5, మే వాయిదా 500. ఆ రోజే ఇలా కట్టి ఉంటే లెక్క అక్కడితో సరిపోయేది. ఐదు రూపాయలతో పోయేది.

ఒక్క భాగహారంతో తెలుసుకోవచ్చు

బాకీ ఉన్నదో లేదో తెలుసుకోవడానికి పుస్తకమంతా చదవనవసరం లేదు. పుస్తకంలో జమ అయిన మొత్తం వాయిదాలను కూడి, దానిని నెల వాయిదాతో భాగించండి. ఎన్ని వాయిదాలు పడ్డాయో తెలుస్తుంది. ఖాతా తెరచిన నెలనుంచి ఈ నెలవరకు ఎన్ని నెలలో లెక్కపెట్టండి. ఖాతా తెరచిన నెలను కూడా ఒకటిగా లెక్కించాలి. రెండు అంకెలు సమానంగా ఉండాలి.

మన సభ్యురాలు 2025 మే నెలలో వాయిదా కట్టిన తరువాత పుస్తకం తీసుకొని సంఘానికి వచ్చిందనుకుందాము. అప్పటికి జమ మొత్తం 8,000. దానిని 500తో భాగిస్తే 16. 2024 జనవరినుంచి 2025 మేవరకు నెలలు 17. పదిహేడు వాయిదాలు ఉండవలసినచోట పదహారే ఉన్నాయి. ఒక వాయిదా బాకీ.

జూన్ 15లోగా ఆమె 1,005 రూపాయలు కట్టాలి. మే బాకీ 500, దాని జరిమానా 5, జూన్ వాయిదా 500. అప్పుడు జమ మొత్తం 9,000 అవుతుంది. 500తో భాగిస్తే 18. జనవరినుంచి జూన్‌వరకు నెలలు కూడా 18. లెక్క సరిపోయింది. జూలైనుంచి జరిమానా లేదు. అప్పటివరకు ఆమె కట్టిన జరిమానా మొత్తం 14 సార్లు, 70 రూపాయలు.

కట్టేటప్పుడు "నా ఖాతాలో బాకీ ఎంత, ఈ నెలతో కలిపి ఎంత కట్టాలి?" అని కౌంటరులో అడగండి. జమ చీటీ కౌంటర్ఫాయిల్‌ను పుస్తకంలో పెట్టి ఉంచుకోండి. రెండు మూడు నెలలు తప్పినవారు జరిమానా మొత్తం లెక్కను కౌంటరులోనే వేయించుకొని, వాయిదా సొమ్ము ఎంత, జరిమానా ఎంత అని విడివిడిగా రాయించుకోవాలి.

నాలుగు నెలలు తప్పితే

జరిమానా చిన్నదే గదా అని ఊరుకోకూడదు. వరుసగా నాలుగు వాయిదాలు తప్పిన ఖాతా ఆగిపోతుంది. నాలుగవ వాయిదా తప్పిన నాటినుంచి రెండు నెలలలోపల బాకీలన్నీ జరిమానాతో కట్టి ఖాతాను తిరిగి నడిపించుకోవచ్చు. ఆ రెండు నెలలు కూడా దాటితే, ఇక ఆ ఖాతాలో సొమ్ము కట్టనివ్వరు. కట్టిన సొమ్ము మీదే, అది ఎక్కడికీ పోదు. కాని ఐదేళ్ళకు వస్తుందనుకున్న మొత్తం రాదు.

నాలుగు వాయిదాలకు మించకుండా తప్పినవారికి మరొక సదుపాయం ఉన్నది. ఎన్ని నెలలు తప్పాయో అన్ని నెలలు గడువు పొడిగించమని కోరి, ఆ పొడిగించిన నెలలలో బాకీ వాయిదాలు కట్టవచ్చు.

ఎండాకాలంలో పాలు తగ్గుతాయని ముందే తెలిసినవారు ఈ చిక్కులో పడకుండా ఉండవచ్చు. పాలు బాగా ఉన్న చలికాలంలో ఆరు వాయిదాలు ముందుగా కట్టుకుంటే, నూరు రూపాయల వాయిదాకు 10 రూపాయల వంతున తగ్గింపు ఇస్తారు. 500 రూపాయల ఖాతాకు అది 50 రూపాయలు. ఆరు వాయిదాలకు 3,000 బదులు 2,950 కడితే చాలు. పన్నెండు వాయిదాలు ముందుగా కడితే తగ్గింపు నూరుకు 40 రూపాయల వంతున, అంటే 200 రూపాయలు. ఇలా కట్టిన తరువాత భాగహారం చేస్తే వాయిదాలు నెలలకన్నా ఎక్కువ వస్తాయి. ఆ ఎక్కువే మీరు ముందుగా కట్టినది. అయితే ముందుగా కట్టిన నెలలు గడిచేవరకు ఆ ఖాతాను మధ్యలో మూయనివ్వరని గుర్తుంచుకోవాలి.

ఏజెంటు ద్వారా కట్టేవారికి

చాలా ఊళ్ళలో మహిళా ఏజెంట్లు ఇంటికి వచ్చి వాయిదా వసూలు చేస్తారు. డబ్బు తీసుకున్నప్పుడు వారు మీ కార్డులో తేదీ వేసి సంతకం చేస్తారు. తరువాత పదిమంది సొమ్ము కలిపి పోస్టాఫీసులో కడతారు. కార్డులోని తేదీ మీరు ఇచ్చిన తేదీ. పాసుపుస్తకంలోని తేదీ పోస్టాఫీసులో జమ అయిన తేదీ. నియమానికి పనికివచ్చేది ఈ రెండవ తేదీయే. మీరు 12న ఇచ్చినా, అది 17న జమ అయితే, 15లోగా కట్టవలసిన ఖాతాకు ఆ వాయిదా తప్పినట్లే.

అందుచేత కార్డు, పాసుపుస్తకం పక్కపక్కన పెట్టుకొని చూడండి. కార్డులో ఉండి పుస్తకంలో లేని నెల ఉంటే వెంటనే ఏజెంటును అడగండి. సరైన సమాధానం రాకపోతే రెండూ తీసుకొని పోస్టాఫీసుకు వెళ్ళండి. పుస్తకం ఏజెంటు దగ్గర నెలల తరబడి ఉంచవద్దు. బ్రాంచి పోస్టాఫీసులో చేతితో కట్టేవారు ప్రతి జమ పక్కన సంతకం, తేదీ ముద్ర పడ్డాయో లేదో అక్కడే చూసుకోవాలి.

గడువు తీరిన నాడు ఎంత రావాలి?

2024 జనవరి 8న తెరచిన ఖాతాకు 60వ వాయిదా 2028 డిసెంబరులో పడుతుంది. గడువు తీరే తేదీ 2029 జనవరి 8. అరవై వాయిదాల అసలు 30,000 రూపాయలు.

వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకొకసారి ప్రకటిస్తుంది. కాని ఖాతా తెరచిన నాడు ఉన్న రేటే ఆ ఖాతాకు ఐదేళ్ళూ నడుస్తుంది. తరువాత పెరిగినా, తగ్గినా దానికి సంబంధం లేదు. ఈ రేటుకు వడ్డీని మూడు నెలలకొకసారి అసలుతో కలిపి, తరువాత దానిమీద కూడా వడ్డీ లెక్కగడతారు.

ఈ లెక్క మనం చేతితో వేయడం కష్టం. అందుచేత నెలకు నూరు రూపాయల వంతున 60 వాయిదాలు కడితే ఎంత వస్తుందో ఇక్కడ ఇస్తున్నాము. ఖాతా 2020 ఏప్రిల్ 1నుంచి 2023 మార్చి 31లోపల తెరచినదైతే రేటు 5.8 శాతం, నూరుకు 6,969 రూపాయలు. 2023 ఏప్రిల్‌నుంచి జూన్‌వరకు తెరచినదైతే 6.2 శాతం, 7,043 రూపాయలు. 2023 జూలైనుంచి సెప్టెంబరువరకు 6.5 శాతం, 7,099 రూపాయలు. 2023 అక్టోబరునుంచి 6.7 శాతం, 7,136 రూపాయలు. పైసలు ఇక్కడ విడిచిపెట్టాము.

మన సభ్యురాలి ఖాతా 2024 జనవరిది. నూరుకు 7,136 రూపాయల పైచిల్లర. ఆమె వాయిదాలో ఐదు నూర్లు ఉన్నాయి. ఐదుతో హెచ్చవేసి పైసలు కూడా కలిపితే 35,683 రూపాయలు. అందులో అసలు 30,000, వడ్డీ 5,683. అదే 500 రూపాయల వాయిదాతో 2022లో ఖాతా తెరచిన పొరుగింటావిడకు వచ్చేది 34,848 రూపాయలు. ఇద్దరూ ఒకేలా కట్టినా 835 రూపాయలు తేడా. ఇందులో ఎవరి పొరపాటూ లేదు. తెరచిన తేదీలు వేరు, రేట్లు వేరు.

మీ పుస్తకంమీద వచ్చే మొత్తాన్ని ఈ విధంగా ముందే లెక్కవేసి, ఒక కాగితంమీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. గడువు తీరినప్పుడు వచ్చినది అంతకన్నా తక్కువగా ఉంటే, ముందు వాయిదాలు 60 పడ్డాయా అని చూడండి. తక్కువ పడితే కారణం అదే. అరవైయ్యూ పడి, అయినా మొత్తం తగ్గితే, ఏ రేటుతో కట్టారో చూపమని అడగండి.

చివరిగా ఒక హెచ్చరిక. ఖాతా మూడేళ్ళు నిండిన తరువాత మధ్యలో మూయవచ్చు. కాని గడువుకు ఒక్క రోజు ముందు మూసినా, రికరింగ్ డిపాజిట్ రేటు ఇవ్వరు. పోస్టాఫీసు సేవింగ్సు ఖాతా రేటు ఇస్తారు. ఆ రేటు 4 శాతం అయితే, మన సభ్యురాలి 30,000మీద వడ్డీ మూడు వేల పైచిలుకు మాత్రమే వస్తుంది. 5,683 రాదు. గేదె బేరం కుదిరిందని డిసెంబరు ఆఖరున పుస్తకం తీసుకుపోతే, పది రోజుల తొందరకు రెండువేల అయిదువందలకు పైగా నష్టం. సొమ్ము అంత అవసరమైతే, పన్నెండు వాయిదాలు కట్టి ఏడాది నిండిన ఖాతామీద నిల్వలో సగంవరకు అప్పు ఇస్తారు. దానికి ఖాతా రేటుకన్నా 2 శాతం ఎక్కువ వడ్డీ, అంటే ఈ ఖాతాకు 8.7 శాతం. పది, ఇరవై రోజుల అవసరానికి ఖాతా మూయడంకన్నా అదే మేలు.

ఈసారి పాల బిల్లు తీసుకోవడానికి వచ్చినప్పుడు పాసుపుస్తకం కూడా వెంట తెచ్చుకోండి. లెక్క రానివారికి సంఘ కార్యదర్శి గాని, బడికి పోయే పిల్లలు గాని సహాయం చేయగలరు. జమ మొత్తాన్ని వాయిదాతో భాగించి, నెలలతో పోల్చి చూడాలి. అంకెలు కలిస్తే పుస్తకాన్ని పెట్టెలో పెట్టవచ్చు. కలవకపోతే ఆ నెలలోనే బాకీ తీర్చాలి.